చెడగొట్టడం అనే అయిదో అడుగు

మా ల్యాబ్ అసిస్టెంటుని పిల్లలు వెనకాల 'వద్దక్క' అంటారు. ఆవిడ నోట రోజుకు తక్కువలో తక్కువ వందసార్లు ఆ మాట వస్తుంది. బ్యాగు లోపలికి వద్దు, నీళ్ల సీసా బల్ల మీద వద్దు, వైర్లు కదపొద్దు, తెర మీద వేలు పెట్టొద్దు. నేను లెక్చరరుగా చేరిన మొదటిరోజు నా చేతిలో ఉన్న కాఫీ కప్పు చూసి, "సార్, మీకు కూడా వద్దే" అంది. నాకు కోపం తొందరగా వస్తుందని మా ఆవిడ దగ్గర్నుంచి మా ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. ఆ రోజు కప్పు గుమ్మం బయట పెట్టి లోపలికి వెళ్లాను కానీ, మనసులోంచి మాత్రం దించలేదు. పదకొండేళ్లయింది, ఇంకా గుర్తుంది.

ఆ గది పొడుగ్గా ఉంటుంది. రెండు వరసల్లో పద్దెనిమిది కంప్యూటర్లు, ముందు నా బల్ల మీద పంతొమ్మిదోది. అన్నీ పాతవే. ఒక్కోదాంట్లో నాలుగు జీబీ మెమరీ. వాటి మీద దుమ్ము అనేది ఎన్నడూ నేను చూడలేదు. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి కీబోర్డులు బోర్లించి తట్టి, మెత్తటి గుడ్డతో తెరలు తుడిచి, ఒక్కొక్కటీ ఆన్ చేసి, చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వింటుంది. "ఏడో నెంబరుకి ఆయాసంగా ఉంది సార్" అంటుంది. విప్పి చూస్తే ఫ్యానులో నిజంగానే పీచు చుట్టుకుని ఉంటుంది. కంప్యూటర్ల గురించి ఆవిడకి పుస్తకాలు చెప్పిందేమీ లేదు. మరమ్మతుకి వచ్చేవాళ్ల పక్కన నిలబడి, చూసి, రాసుకుని, ఇరవై రెండేళ్లలో నేర్చుకున్నదే అంతా.

ఈ ఏడు సిలబస్‌లోకి వర్చువలైజేషన్ వచ్చింది. అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ని నడిపించడం. లోపలిదానికి తన మెమరీ, తన డిస్కు, తన ఆపరేటింగ్ సిస్టం ఉంటాయి. అవన్నీ బయటిదాంట్లోంచి కాస్త కాస్త కోసి ఇచ్చినవే. ఆ కోసి ఇచ్చే పని చేసే సాఫ్ట్‌వేర్‌ని హైపర్‌వైజర్ అంటారు. నేను పాఠం ఎలా మొదలుపెట్టాలా అని ఇంట్లో గదంతా తిరుగుతుంటే, మా ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, "ఓహో, వాటాలిల్లన్నమాట. ఒకే ఇల్లు, నాలుగు వాటాలు, ఎవరి తలుపు వాళ్లది" అంది.

"కాదు. వాటాలో ఉన్నవాళ్లకి పక్క వాటా ఉందని తెలుస్తుంది. ఇక్కడ లోపల ఉన్నదానికి ఇల్లంతా తనదే అనిపిస్తుంది."

"అయితే నీలాగే" అని మడత పూర్తి చేసింది. నాకు ఆ జవాబు నచ్చలేదు గానీ, వాటాలిల్లు పోలిక మాత్రం నోట్సులో రాసుకున్నాను.

పాఠం వెనక ఇంకో పేచీ ఉంది. ప్రిన్సిపాల్ గారికి ఒక పెద్ద హాలు కావాలి. మా ల్యాబ్ మీద ఆయన కన్ను పడి రెండేళ్లయింది. "పాత సామానుతో కొత్త సిలబస్ ఎలా చెప్తారయ్యా? తుక్కుకి ఇచ్చేద్దాం. ప్రాక్టికల్ అంటే తెర మీద వీడియో చూపిద్దాం. మీ ల్యాబ్ అమ్మగారిని పరీక్షల విభాగంలో వేస్తాను, కవర్లకి ముద్రలు వేసుకుంటుంది" అన్నారు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఈ పద్దెనిమిది కంప్యూటర్ల మీదే, పైసా ఖర్చు లేకుండా, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తోనే చేసి చూపిస్తానన్నాను. ఆయన నవ్వి, "గురువారం నేనే వచ్చి కూర్చుంటాను. నడిస్తే గది నీది. నడవకపోతే నాది" అన్నారు.

గది నాది కాదు, వద్దక్కది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. సాయంత్రం ఆవిడకి చెప్తే, చేతిలో ఉన్న తుడుపుగుడ్డని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, "ముద్రలంటే రబ్బరు ముద్రలేనా సార్?" అని మాత్రం అడిగింది.

రెండు గంటల పాఠానికి ప్లాన్ ఒక కాగితం మీద రాశాను. ఒకటో అడుగు, హైపర్‌వైజర్ అంటే ఏమిటో చెప్పడం. రెండు, పిల్లలు తమ చేత్తో ఒక ఖాళీ యంత్రాన్ని తయారు చేయడం: ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, ఎంత డిస్కు. మూడు, నేను ముందే సిద్ధం చేసి ఇచ్చిన, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం ఉన్న యంత్రాన్ని తెరిచి లోపల తిరగడం. నాలుగు, దానికి స్నాప్‌షాట్ తీయడం, అంటే ఈ క్షణంలో అది ఎలా ఉందో అలా గుర్తుపెట్టుకోమనడం. అయిదు, విద్యార్థులు ఆ యంత్రాన్ని పూర్తిగా చెడగొట్టడం. ఆరు, స్నాప్‌షాట్‌కి వెనక్కి తీసుకెళ్లి బతికించడం.

మా కాలేజీలో ఒక పద్ధతి ఉంది. ప్రాక్టికల్ ప్లాన్ ఏదైనా, 'ఇందువల్ల పరికరాలకి నష్టం లేదు' అని కింద ల్యాబ్ అసిస్టెంట్ సంతకం ఉండాలి. కాగితం తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని చదివింది. అయిదో అడుగు దగ్గర ఆగింది. ఎర్రపెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన 'వద్దు' అని రాసి, కాగితం నాకు తిరిగిచ్చింది.

"అక్కా, అది అసలు కంప్యూటర్ కాదు. లోపల ఉన్న ఉత్తుత్తి కంప్యూటర్."

"చెడగొట్టడం నేర్పిస్తారా సార్ పిల్లలకి?"

"చెడితే భయపడక్కర్లేదని నేర్పిస్తాను."

"భయం ఉండాలి సార్" అని అలమర తాళం వేసేసింది.

నా కోపం సంగతి తెలుసుగా. ఆవిడ సంతకం లేకుండానే చేస్తానని నా బల్ల దగ్గరికెళ్లి, వర్చువల్ బాక్స్ అనే ఉచిత హైపర్‌వైజర్ పెట్టి, ఒక లినక్స్ యంత్రాన్ని మొదలుపెట్టబోయాను. ఎర్రటి గుర్తుతో ఒక పెట్టె లేచింది. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం ఉందిగానీ బయాస్‌లో దాన్ని ఆపేసి ఉంచారు, అందుకని కుదరదని దాని సారాంశం. పక్క కంప్యూటరూ అంతే. దాని పక్కదీ అంతే. బయాస్ అంటే ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టం కన్నా ముందు లేచే ఆ నీలం తెర. దాంట్లోకి వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డులు పెట్టింది ఎవరు? అవి రాసుకున్న పుస్తకం ఉన్న అలమర తాళం ఎవరి దగ్గరుంది? తల ప్రాణం తోకకొచ్చినట్టయింది.

వెళ్లి ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కోపంతో గెలవలేనని అర్థమైంది. "అక్కా, ఎందుకింత భయం?" అన్నాను.

బయట వరండాలో పిల్లలు నవ్వుకుంటూ వెళ్తున్నారు. వాళ్లు దూరమయ్యాక చెప్పింది, ఎవరిదో కథ చెప్తున్నట్టు.

"ఈ గదిలోనే నేను స్టూడెంటుని సార్. అప్పుడు కాలేజీ మొత్తానికి ఒకటే కంప్యూటర్, నల్లతెర మీద అక్షరాలొచ్చేది. ఫ్లాపీ ఫార్మాట్ చేయమన్నారు. ఫార్మాట్ అని కొట్టి, ఫ్లాపీకి గుర్తైన ఏ రాయాల్సిన చోట కంప్యూటర్ డిస్కుకి గుర్తైన సీ రాశాను. అది అడిగింది, అంతా పోతుంది, సరేనా అని. నాకు ఇంగ్లీషు అంతగా రాదు. ఏదడిగినా సరే అనాలేమో అనుకుని వై నొక్కాను. సీనియర్ల ప్రాజెక్టులు, సార్లు రాసుకున్నవి, అన్నీ పోయాయి. క్లాసు మొత్తం ముందు మా సారు ఒక్కటే మాటన్నారు. 'నీ చెయ్యి పడితే ఏదీ బతకదు' అని."

నేను చేతిలో ఉన్న ప్లాన్ కాగితం బోర్లించాను.

"మా నాన్నకి కబురెళ్లింది. ఇంక చాలన్నాడు. చదువు ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత ఇక్కడ ఊడ్చే పని ఖాళీ ఉందంటే చేరాను. ఊడుస్తూ ఊడుస్తూ ఇక్కడిదాకా వచ్చాను. ఇన్నేళ్లలో ఈ గదిలో ఒక్క డిస్కు పోనివ్వలేదు సార్. ఒక్కటి కూడా. ఇప్పుడు పద్దెనిమిదిమందితో చెడగొట్టిస్తానంటున్నారు."

ఆవిడ పాస్‌వర్డు ఎందుకు పెట్టిందో, ఆ సదుపాయాన్ని ఎందుకు ఆపి ఉంచిందో నాకప్పుడు అర్థమైంది. ఏమిటో తెలియనిది ఏదైనా ఆపేసి ఉంచడమే ఆవిడకి తెలిసిన కాపలా. పదకొండేళ్లు ఆ కాపలాని ఎగతాళి చేసినందుకు నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నాకు మాట కటువుగా వస్తుంది. "ఒక్క కంప్యూటర్‌లో చూపిస్తాను. చూసి వద్దంటే, ప్రిన్సిపాల్‌కి గది నేనే రాసిచ్చేస్తాను" అన్నాను.

ఆవిడ అలమర తెరిచి, అట్టవేసిన నోటుబుక్కు తీసింది. నా బల్ల మీది కంప్యూటర్ని తనే ఆన్ చేసి, నీలం తెర తెప్పించి, నేను చూడకుండా చెయ్యి అడ్డం పెట్టి పాస్‌వర్డు కొట్టింది. వర్చువలైజేషన్ అన్న వరస వెతికి ఎదురుగా ఉన్న 'ఆపు'ని 'నడుపు' చేసి, సేవ్ చేసి బయటికొచ్చింది.

అప్పుడు లోపలి యంత్రాన్ని తెరిచాను. కిటికీ లాంటి ఒక చట్రంలో నల్లటి తెర, దాని మీద ఒక కొత్త కంప్యూటర్ తనంతట తను లేవడం మొదలుపెట్టింది. మెమరీ లెక్కపెట్టుకుంది. డిస్కు వెతుక్కుంది. దొరికిందని సంతోషంగా ముందుకెళ్లింది. అక్క కుర్చీలో ముందుకి జరిగింది.

"దీనికి తెలీదా సార్, లోపలున్నానని?"

"తెలీదు. అడగండి కావాలంటే" అని, నీ మెమరీ ఎంత అనే కమాండ్ కొట్టాను. ఒక జీబీకి కాస్త తక్కువ చూపించింది. బయట ఇంకో టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే నల్లతెర, తెరిచి అదే అడిగాను. దాదాపు నాలుగు చూపించింది. "చూశారా, నాలుగులో ఒకటి దానికిచ్చాం. ఉన్నదే ఒకటి అనుకుంటోంది."

"మరి దీని డిస్కు?"

ఫోల్డర్ తెరిచి చూపించాను. అందులో ఒక ఫైలు. "ఇదే. దాని డిస్కు మొత్తం ఈ ఒక్క ఫైలు. పది జీబీ డిస్కు అని దానికి చెప్పాం, కానీ అది ఎంత నింపితే ఫైలు అంతే పెరుగుతుంది. ఈ ఫైలు, దీని పక్కనున్న ఈ చిన్న సెట్టింగుల ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకోవచ్చు. కంప్యూటర్ని జేబులో పెట్టుకున్నట్టే."

నిజం చెప్పాలంటే, ఆ మాట అంటుంటే నాకే ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా ఈ విషయాలు చదువుతున్నవాణ్ని. పరీక్ష కోసం నిర్వచనాలు చెప్పి చెప్పి, అది ఎంత వింతో మర్చిపోయాను. ఒక యంత్రం మొత్తం, అది నమ్ముతున్న దాని లోకం మొత్తం, మా ఆయాసపు కంప్యూటర్‌లో ఒక మూల ఫైలుగా పడి ఉంది. అక్క నోరు తెరిచి చూస్తోంది. ఆవిడ చూపు పక్కన కూర్చుంటే నాకు మళ్లీ మొదటిసారి చూస్తున్నట్టుంది.

యంత్రాన్ని ఆపి స్నాప్‌షాట్ తీసి, మళ్లీ ఆన్ చేశాను. తర్వాత లోపలి టెర్మినల్‌లో, మొదలు నుంచి ఉన్నదంతా తుడిచేయమనే కమాండ్ కొట్టాను. అక్క కళ్లు మూసుకుంది. తెర నిండా వరసలు పరుగెత్తి ఆగాయి. ఫైళ్లు చూపించమంటే, అలాంటి కమాండే లేదంది. చూపించే ప్రోగ్రామూ పోయింది మరి. యంత్రాన్ని ఆపి, స్నాప్‌షాట్ మీద నొక్కి, వెనక్కి తీసుకెళ్లమని, మళ్లీ ఆన్ చేశాను. మెమరీ లెక్కపెట్టుకుంది. డిస్కు వెతుక్కుంది. దొరికింది. ఏమీ జరగనట్టు నా పేరడిగింది.

"దీనికి గుర్తు లేదా, ఇందాక చచ్చిపోయిందని?"

"లేదక్కా. దానికి ఇందాకటిది జరగనే లేదు."

ఆవిడ నా ప్లాన్ కాగితం అందుకుని, ఎర్రగీత కింద అదే వాక్యం మళ్లీ తన చేతిరాతతో రాసింది. రాసి, అక్కడితో ఊరుకుంటే ఆవిడ వద్దక్క ఎలా అవుతుంది?

"కానీ సార్, బయట టెర్మినలూ నల్లగానే ఉంది, లోపలిదీ నల్లగానే ఉంది. ఎవడైనా బయట దాంట్లో కొడితే?"

"ఎందుకు కొడతారు? పిల్లలు గుడ్డివాళ్లా?"

"ఏ, సీ అక్షరాలు చూడటానికి నేను గుడ్డిదాన్నా?"

ఆవిడ షరతులు రెండు. బయటి యంత్రాలన్నిటికీ 'బయట' అని, లోపలివాటికి 'లోపల' అని పేరు పెట్టాలి, టెర్మినల్‌లో ప్రతి వరస మొదట్లో ఆ పేరు కనిపించేలా. రెండోది, చెడగొట్టే కమాండ్ రాశాక ఎంటర్ నొక్కకుండా రెండు చేతులూ పైకెత్తాలి. పక్కన కూర్చున్నవాళ్లు ఆ పేరు పైకి చదవాలి. 'లోపల' అని వినపడ్డాకే నొక్కాలి. "చిన్నపిల్లలాటలా ఉందక్కా" అని నవ్వాను. "ఉండనీండి" అంది. కాగితం మీద నాలుగున్నర అని అంకె వేసి ఆ షరతు రాసి, అప్పుడు సంతకం పెట్టింది.

తర్వాతి రెండు రోజులు ఆవిడే ఒక్కొక్క కంప్యూటర్ బయాస్ తెరిచింది. నేను తయారుచేసిన యంత్రాన్ని ఒకే ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, పద్దెనిమిదింటిలోకీ దింపింది. ప్రతిదాన్నీ తెరిచి, లోపలి ఫ్యాను చప్పుడు వినపడుతుందా అని చెవి పెట్టి చూసింది కూడా. నేను చూసేసరికి సిగ్గుపడి, "అలవాటు సార్" అంది.

గురువారం వచ్చింది. ప్రిన్సిపాల్ గారు వెనక వరసలో కుర్చీ వేయించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాటాలిల్లుతో మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు. ఖాళీ యంత్రాలు తయారుచేశారు. ఒకడు అత్యాశకి నాలుగు జీబీల మెమరీ అంతా లోపలిదానికే ఇవ్వబోతే మీట ఎర్రగా మారి హెచ్చరించింది. "ఇంటాయన పడుకోవడానికి కూడా చోటు ఉండాలిరా" అన్నాను. లినక్స్ తెరిచారు. పిల్లల పద్దెనిమిది కంప్యూటర్లూ, వాటి లోపలివీ కలిపి ముప్పై ఆరు యంత్రాలయ్యాయి. వెనక వరసలో ప్రిన్సిపాల్ గారు కట్టుకున్న చేతులు విప్పి, పక్క అమ్మాయి తెర మీదికి ఒంగి చూస్తున్నారు.

నాకు ఉత్సాహం ఎక్కువైంది. పొంగిపోతే నా చేతులు నోటికన్నా ముందు నడుస్తాయి. నా బల్ల మీది కంప్యూటర్ ప్రొజెక్టర్‌కి కలిపి ఉంది. లోపల ఒక జీబీ, బయట నాలుగు అని చూపించడానికి ఇందాకే బయటి టెర్మినల్ తెరిచాను. స్నాప్‌షాట్ తీసి, "ఇప్పుడు చెడగొడదాం. ముందు నేను, తర్వాత మీరు" అని ప్రిన్సిపాల్ వైపు చూసి నవ్వుతూ, మొత్తం తుడిచేసే కమాండ్ చకచకా కొట్టేశాను. చిటికెన వేలు ఎంటర్ మీదికి వెళ్తోంది.

"సార్" అంది అక్క, తలుపు దగ్గర నుంచి. అరవలేదు. "మీ పక్కన ఎవరున్నారు?"

"నా పక్కనా? ఎవరూ లేరు."

"చేతులు ఎత్తండి. నేను చదువుతాను."

ఆవిడ పెట్టిన నియమం నాకు కాదు, పిల్లలకి అనుకున్నాను. అయినా ఆ గొంతులో ఏదో ఉంది, చేతులెత్తాను. ఆవిడ నడిచి వచ్చి నా పక్కన నిలబడింది. తెల్లటి గోడ మీద అంత పెద్దగా కనిపిస్తున్న వరస మొదటి మాట చదివింది.

"బయట."

ఆ కంప్యూటర్‌లోనే పద్దెనిమిదింటికీ ఇచ్చిన అసలు ఫైలుంది. ఈ ఏడు పిల్లలు చేసిన ప్రాక్టికల్సన్నీ ఉన్నాయి. ఒక్క వేలు దూరంలో ఆగాయి. రాసింది మెల్లగా చెరిపేశాను. పిల్లల ముందు, ప్రిన్సిపాల్ ముందు నా మొహం ఎర్రబడిందని నాకు తెలుస్తూనే ఉంది. ఇలాంటప్పుడు నాకు రావాల్సిన కోపం ఎందుకో రాలేదు.

"చూశారుగా, పాఠంలో ముఖ్యమైన అడుగు నాలుగున్నర. అది నేను రాసింది కాదు" అన్నాను.

లోపలి చట్రంలోకి వెళ్లి మళ్లీ కొట్టి చేతులెత్తాను. అక్క 'లోపల' అంది. నొక్కాను. గోడ మీద ఒక లోకం తుడుచుకుపోయింది. ఆ తర్వాత గది నిండా చేతులు లేచాయి, 'లోపల', 'లోపల' అని పద్దెనిమిది చోట్ల వినపడింది, పద్దెనిమిది యంత్రాలు చచ్చిపోయాయి. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి "అయ్యో" అంది, నిజంగా బాధగా. పది నిమిషాల్లో అన్నీ బతికొచ్చాయి. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఎవరూ చెప్పకుండానే అందరూ కొట్టారు.

ప్రిన్సిపాల్ గారు లేచి వచ్చారు. నేను మాట్లాడేలోపే అక్క ఒక కుర్చీ జరిపి, "కూర్చోండి సార్, మీరూ ఒకటి చెడగొట్టండి" అంది. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో ఎవరూ ఆ మాట వినలేదు. ఆయన కూర్చున్నారు. చెడగొట్టారు. బతికించారు. మళ్లీ చెడగొట్టారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "హాలు సంగతి ఇంకెక్కడైనా చూసుకుంటానయ్యా. గది ఎవరిదో తెలిసింది" అని అక్క వైపు తలూపి వెళ్లిపోయారు.

పిల్లలు వెళ్లాక అక్క తుడుపుగుడ్డ తీసింది. "అది తర్వాత. ఇటు రండి" అన్నాను. ముందురోజు ఆవిడకి చెప్పకుండా నా కంప్యూటర్‌లో ఇంకో చిన్న యంత్రం తయారుచేసి పెట్టాను. పాత నల్లతెర రోజుల డాస్ లాంటిదే, ఇప్పుడు ఉచితంగా దొరుకుతుంది. దానికి ముప్పై రెండు ఎంబీ మెమరీ చాలు. తెరిచాను. నల్లటి తెర మీద సీ అనే అక్షరం, పక్కన మినుకుమినుకుమంటున్న గీత.

అక్క దాన్ని గుర్తుపట్టింది. నిలబడినది నిలబడినట్టే కుర్చీ వెన్ను పట్టుకుంది.

"స్నాప్‌షాట్ తీశాను" అన్నాను.

కూర్చుంది. చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. ఒక్కొక్క అక్షరం వెతికి, ఫార్మాట్ అని, ఖాళీ వదిలి, సీ అని రాసింది. రెండు చేతులూ పైకెత్తి నా వైపు చూసింది. నేను చట్రం నెత్తి మీద రాసి ఉన్న పేరు చదివాను.

"లోపల."

నొక్కింది. అంతా పోతుంది, సరేనా అని అది అడిగింది. ఈసారి ఆవిడ ప్రతి మాటా చదివింది, పెదాలు కదుపుతూ. ఇందులో వై ఒక్కటే సరిపోదు, యెస్ అని పూర్తిగా రాయాలి. రాసింది. పని అయిపోయింది. తనే యంత్రాన్ని ఆపి ఆన్ చేసింది. లేవలేదు. లేపడానికి లోపల ఏమీ లేదు. ఆ ఖాళీ తెర ముందు ఆవిడ ఇరవై ఏళ్ల పిల్లలా బిగుసుకుపోయి కూర్చుంది. నేను చెయ్యి పెట్టలేదు. కాసేపటికి తనే మౌసు పట్టుకుంది. ఆపింది. స్నాప్‌షాట్ వెతికింది. వెనక్కి తీసుకెళ్లమంది. ఆన్ చేసింది.

సీ అక్షరం వచ్చింది. గీత మినుకుమంది.

"బతికింది సార్" అంది. చెయ్యి ఎత్తి ఇటూ అటూ తిప్పి చూసుకుంది, తన చెయ్యేనా అన్నట్టు. నాకు కళ్లు తడిశాయి, దాచుకోలేదు.

కొంగుతో మొహం తుడుచుకుని, కీబోర్డు దగ్గరికి జరిగి, నా వైపు తిరిగింది.

"ఇంకోసారి చెడగొట్టనా?"

"మీ ఇష్టం అక్కా" అన్నాను. ఆవిడ చేతులు పైకెత్తే దాకా ఆగి, పేరు చదివాను.